బాలింతను అడిగే పది ప్రశ్నలు



ప్రజారోగ్యం, నర్సింగ్, మనస్తత్వశాస్త్రం చదివి ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది ఇకముందు ఏదో ఒక ఇంగ్లిష్ ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చి మన ఊళ్లలో వాడబోతున్నారు. అలా వాడే ముందు మీ పరిశోధనాపత్రం ఏమేం రుజువు చేయాలో ఒక్క ప్రశ్నావళిని పట్టుకుని చెబుతాను.

స్కాట్లండ్‌లో తయారైన ఎడిన్‌బరా పోస్ట్‌నేటల్ డిప్రెషన్ స్కేల్‌ను కాక్స్, హోల్డెన్, సగోవ్‌స్కీ అనే ముగ్గురు 1987లో ప్రచురించారు. అందులో పది ప్రశ్నలుంటాయి. గడిచిన ఏడు రోజుల్లో ఎలా ఉందో చెబుతూ బాలింత ఒక్కోదానికి నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకుంటుంది. ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు, అన్నీ కలిపి 30. వాళ్లు 84 మంది తల్లుల స్కోర్లను వైద్య ఇంటర్వ్యూతో పోల్చి, 13 గానీ అంతకు మించి గానీ వస్తే డిప్రెషన్ ఉందేమో చూడాలన్నారు. ఆ గీత దగ్గర డిప్రెషన్ ఉన్నవాళ్లలో 86 శాతం మంది దొరికారు, లేనివాళ్లలో 78 శాతం మంది సరిగ్గా పక్కకు తప్పుకున్నారు. ఈ అంకెలు ఆ 84 మంది తల్లులవి. వీటిని చూసి మన తల్లులకూ ఇవే వర్తిస్తాయని చెప్పే హక్కు ఎవరికీ రాదు.

ఈ స్కేలు ఒళ్లునొప్పులు, నీరసం వంటి శరీర బాధలను కావాలనే పక్కన పెట్టింది. కాన్పు తర్వాత అవి మామూలే కాబట్టి, వాటిని లెక్కిస్తే ఆరోగ్యంగా ఉన్న తల్లికీ స్కోరు పెరుగుతుంది. మంచి కారణమే. కానీ మన దగ్గర మనసు బాగాలేని బాలింత ముందుగా చెప్పేది గుండెదడ, తల బరువు, ఒంట్లో మంట అయితే? అందుకే అనువాదం మొదలుపెట్టకముందే తల్లులతో, ఆశా కార్యకర్తలతో కూర్చుని, ఇక్కడ ఈ బాధ ఎలా బయటపడుతుందో వినాలి. విన్నదాన్ని పది ప్రశ్నల పక్కన పెట్టి, ఏది సరిపోయిందో ఏది మిగిలిపోయిందో పత్రంలో రాయాలి. చాలా పత్రాలు ఈ అడుగు వేయకుండానే అనువాదకుడి దగ్గరికి వెళ్లిపోతాయి.

అనువాదానికి ఒప్పుకున్న పద్ధతి ఉంది. ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు, రెండింటినీ కలిపి ఒకటి తయారుచేస్తారు, మూలం చూడనివాళ్లు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు, నిపుణుల బృందం అన్నీ పోల్చి చూస్తుంది, చివరికి 30 నుంచి 40 మంది మీద ప్రయత్నిస్తారు. 2000లో బీటన్ బృందం రాసిన మార్గదర్శకాలు చెప్పేది ఇదే. మన పత్రాల్లో తిరుగు అనువాదానికి ఉన్నంత గౌరవం ఆ చివరి అడుగుకు లేదు. నాకు అది తలకిందుల వ్యవహారంగా కనిపిస్తుంది. ఆరో ప్రశ్న, పనులూ సమస్యలూ తలకు మించిపోతున్నాయా అని అడిగేది, ఇంగ్లిష్‌లో ఒక నుడికారం మీద నడుస్తుంది. దాన్ని మాటకు మాట ‘పరిస్థితులు నా మీదికి ఎక్కుతున్నాయి’ అని రాస్తే, తిరుగు అనువాదకుడు వెంటనే అసలు ఇంగ్లిష్ వాక్యాన్ని తెచ్చిపెడతాడు. బృందం సరిపోయిందంటుంది. పలాసలోని బాలింతకు మాత్రం ఏమీ అర్థం కాదు. అనువాదం ఎంత కృతకంగా ఉంటే తిరుగు ప్రయాణం అంత సులువు. కాబట్టి పత్రం చూపాల్సింది తల్లి జవాబును. ‘ఇప్పుడు నేను మిమ్మల్ని ఏమడిగానమ్మా, మీ మాటల్లో చెప్పండి’ అని అడిగితే ఆమె ఏం చెప్పింది, దాన్నిబట్టి ఏ ప్రశ్న ఎలా మారింది అన్నది రాయాలి.

ఎడిన్‌బరాలో తల్లులు తామే చదివి జవాబు గుర్తించుకున్నారు. ఇక్కడ చదవలేని తల్లికి ఎవరో చదివి వినిపిస్తారు, పక్క గదిలో అత్తగారుంటారు. నాలుగు జవాబులు విన్నాక ఆమె ‘అవును’ అనో ‘లేదు’ అనో ఊరుకుంటుంది. ఆ ‘అవును’ రెండా, మూడా? అప్పటికప్పుడు చదివేవారే నిర్ణయిస్తే ఆ స్కోరు సగం వాళ్లదే. ఎవరు చదివారు, ఎక్కడ చదివారు, ఇలాంటి జవాబును ఏ నియమంతో నమోదు చేశారు అన్నది చెప్పని పత్రాన్ని నేను నమ్మను.

ఇక గీత విషయం. 1998లో హాంకాంగ్ చైనీస్ తల్లులలో ఆ గీత 9కి, 10కి మధ్య పడింది. 2005లో తమిళ తల్లులలో 8కి, 9కి మధ్య పడింది. స్కాట్లండ్ గీతనే అక్కడ పెట్టి ఉంటే 9 నుంచి 12 వరకు వచ్చిన తమిళ తల్లులంతా ‘బాగానే ఉన్నారు’ అనిపించుకుని ఇంటికి వెళ్లేవాళ్లు.

తెలుగులో గీత కనుక్కోవాలంటే ఏం చేయాలో ఒక ఊహా లెక్కతో చూద్దాం. 200 మంది తల్లులు స్కేలుకు జవాబులిచ్చారు. ఆ తర్వాత స్కోరు ఎంతో తెలియని మానసిక వైద్యుడు అందరితోనూ మాట్లాడాలి. ఖర్చు తగ్గించుకోవడానికి ఎక్కువ స్కోరు వచ్చినవాళ్లనే పంపితే, తక్కువ స్కోరుతో జారిపోయిన రోగులు ఎంతమందో ఎప్పటికీ తెలియదు, స్కేలు ఎవరినీ వదలనట్టే కనిపిస్తుంది. వైద్యుడు 30 మందికి డిప్రెషన్ ఉందన్నాడు, మీ గీత వాళ్లలో 27 మందిని పట్టింది. 90 శాతం అని రాసేయాలనిపిస్తుంది. కానీ 30 మందితో వచ్చిన 90, అసలు విలువ 74 నుంచి 97 దాకా ఎక్కడైనా ఉండొచ్చని మాత్రమే చెబుతుంది. ఆ హద్దుల్నీ రాయండి. పైగా ఆ 200 మందిలోనే అందమైన గీత వెతికి, వాళ్లలోనే అది ఎంత బాగుందో చెప్పుకుంటే అంకె పొంగుతుంది. వేరే ఊరి తల్లుల మీద మళ్లీ చూసేదాకా ఆ గీత తాత్కాలికమే.

దీనంతటికీ బదులుగా ‘ఆల్ఫా 0.85 వచ్చింది’ అని ఒక్క వాక్యం రాసే అలవాటు మనకుంది. ఆల్ఫా చెప్పేది పది జవాబులూ కలిసి నడుస్తున్నాయని మాత్రమే. అవి నిద్రలేని అలసటతో కలిసి నడిచినా ఆల్ఫా బాగానే వస్తుంది.

మళ్లీ అడిగినప్పుడు అదే స్కోరు వస్తుందా అన్న పరీక్షలో మన ఇళ్ల సంగతి ఒకటి తలచుకోవాలి. తొలికాన్పుకు అమ్మాయి పుట్టింట్లో ఉంటుంది. కొన్ని వారాలకో నెలలకో బిడ్డతో అత్తవారింటికి వెళుతుంది. మొదటిసారి పుట్టింట్లో, రెండోసారి అత్తవారింట్లో అడిగి స్కోరు మారిందంటే స్కేలు నిలకడ లేనిదని కాదు, ఆమె బతుకే మారింది. వారం పది రోజుల ఎడంతో, ఇల్లు మారకముందే అడగాలి. ఈలోగా ఏదైనా జరిగిందా అని కూడా అడిగి రాసుకోవాలి.

పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. మొత్తం స్కోరు ఎంతయినా, ఆ ఆలోచన ఉందన్న తల్లిని ఆ రోజే ఎవరు చూస్తారో, ఎక్కడికి పంపుతారో పని మొదలుకాకముందే నిర్ణయించి పత్రంలో రాయాలి. అది లేని అధ్యయనానికి నైతిక సంఘం అనుమతి ఇవ్వకూడదు.

చివరగా ఒక విన్నపం. మీరు వాడిన తెలుగు ప్రశ్నలన్నీ, నాలుగేసి జవాబులతో, ఏ జవాబుకు ఎన్ని మార్కులో సహా, హక్కుదారుల అనుమతితో మీ పత్రం అనుబంధంలో అచ్చువేయండి. ఈ స్కేల్లో మూడు ప్రశ్నలకు మార్కులు పైనుంచి కిందికి పెరుగుతాయి, ఏడింటికి తగ్గుతాయి. ఆ క్రమం తప్పితే స్కోరంతా తప్పు, ప్రశ్నలు కళ్ల ముందు లేకపోతే ఆ తప్పు ఎవరికీ దొరకదు. రేపు మీరు ఇతరుల పత్రాలను పరిశీలించే స్థానంలో కూర్చున్నప్పుడు, ఆ అనుబంధం లేకపోతే అడిగి తెప్పించుకోండి.