గాలి పూట పరంజా కిర్రుమంటే

ఈరోజు సివిల్ ఇంజనీరింగ్ పట్టాలు అందుకున్న మీకు, మీ తల్లిదండ్రులకు అభినందనలు. మీ ముందు ఒక చిన్న కథ పెట్టి, దాని తరఫున వాదించదలచాను. కథ కల్పితమే. విశాఖ సముద్రపొడ్డున ఐదంతస్తుల భవనం. ముందు గోడకు ఇనప గొట్టాల పరంజా కట్టారు. దుమ్ము రోడ్డు మీద పడకుండా దానికి పచ్చ వల చుట్టారు. పొద్దున్నే ప్లాస్టరింగ్ మొదలైంది, పైన పదిహేనుమంది ఉన్నారు, గాలి పెరుగుతోంది. కింద నిలబడ్డ మేస్త్రీకి నాలుగో అంతస్తు దగ్గర సన్నగా కిర్రుమన్న చప్పుడు వినిపించింది. ఇంకో విసురు వచ్చింది, అదే చోట మళ్ళీ అదే చప్పుడు. అతను పని ఆపించి అందరినీ దించేశాడు. కథ ఇంతే. ఆ తర్వాత పరంజా కూలిందా, నిలిచిందా అన్నది ఇందులో లేదు, ఉండనక్కర్లేదు కూడా. ఆపిన క్షణాన అతని చేతిలో ఉన్న ఆధారాన్ని బట్టే అతను చేసింది ఒప్పో తప్పో తేలాలి. ఆ ఆధారం చాలా గట్టిదని, మీరు చదువుకున్న లెక్కలతోనే అది రుజువవుతుందని నా వాదన.

ముందు గాలి సంగతి చూద్దాం. పదహారు మీటర్ల ఎత్తు, మీటరు పైచిలుకు వెడల్పు ఉన్న పరంజా తనంతట తాను గాలికి నిలవదు. అడుగుభాగం వెడల్పుకు నాలుగు రెట్లు మించి ఎత్తున్న పరంజాను కదలకుండా కట్టితీరాలని అమెరికా భద్రతా నియమాలు చెబుతాయి. ఆ కట్టడం గోడ టైల పని. అవే దాన్ని భవనానికి పట్టి ఉంచుతాయి. ఒక్కో టై నాలుగు మీటర్ల ఎత్తు, ఐదు మీటర్ల పొడవు గల వలను, అంటే ఇరవై చదరపు మీటర్లను, మోస్తోందనుకుందాం. ఐ.ఎస్. 875 మూడో భాగం ప్రకారం గాలి ఒత్తిడి వేగం వర్గానికి 0.6 రెట్లు. గంటకు 36 కిలోమీటర్ల గాలి, అంటే సెకనుకు 10 మీటర్లు, చదరపు మీటరుకు 60 న్యూటన్లు నెడుతుంది. వలలోంచి సగం పోయిందనుకున్నా ఒక్కో టై మీద దాదాపు 60 కిలోల బరువంత బలం పడుతుంది. విసురు 54 కిలోమీటర్లకు పెరిగితే వేగం ఒకటిన్నర రెట్లే పెరిగినట్టు, కానీ బలం 135 కిలోలకు చేరుతుంది. వల లేని ఉత్త గొట్టాలకైతే ఇందులో కొంత భాగమే తగిలేది. చాలా చోట్ల పరంజా లెక్క వేసేటప్పుడు వల ఉండదు. మున్సిపాలిటీ అడిగాకో, పక్కింటివాళ్ళు గొడవపడ్డాకో చుడతారు. అప్పుడు టైల లెక్క మళ్ళీ ఎవరూ చూడరు.

ఇప్పుడు టై సంగతి. ప్లాస్టరింగ్ చేసేవాళ్ళకు టై అడ్డం. అది గోడను తాకే చోట తాపీ ఆడదు, కాబట్టి విప్పుతారు. పని అయ్యాక మళ్ళీ పెట్టాలి, పెట్టరు, లేదా బైండింగ్ వైరుతో సరిపెడతారు. ఇది సోమరితనం కాదు, పని క్రమంలోనే ఉన్న లోపం. ఒక వరుసలో ఒక టై పోతే దాని వాటా అటూ ఇటూ ఉన్న రెండు టైల మీద పడుతుంది. 135 కిలోలు మోస్తున్నది 200 మోయాలి. నిలువు గొట్టం సంగతి ఇంకా దారుణం. గోడకు అడ్డంగా వంగే దిశలో దానికి నాలుగు మీటర్లకొకసారి ఆసరా ఉండేది, ఇప్పుడు ఎనిమిది మీటర్లకు గానీ లేదు. ఆయిలర్ సూత్రం మీకు గుర్తుండే ఉంటుంది. ఆసరా లేని పొడవు రెట్టింపైతే బకిలింగ్ బలం నాలుగో వంతుకు దిగుతుంది. గాలి వైపు ఒక వర్గం భారాన్ని పెంచుతుంటే, పొడవు వైపు ఇంకో వర్గం బలాన్ని తగ్గిస్తుంటుంది. ఈ రెండూ కలిసే చోట నెమ్మదిగా వంగడమంటూ ఉండదు. కంటికి తేడా కనిపించేసరికి పరుగెత్తే వ్యవధి మిగలదు.

అందుకే ఆ చప్పుడుకు అంత విలువ. కప్లర్ గొట్టాన్ని రాపిడితోనే పట్టుకుంటుంది, పట్టు వదిలే ముందు కాస్త జారుతుంది. బైండింగ్ వైరు తెగే ముందు గొట్టం మీద ఒరుసుకుంటుంది. చూపుకు అందని ఆ కదలిక చెవికి అందుతుంది. పరంజా ఎప్పుడూ కిర్రుకిర్రుమంటూనే ఉంటుంది, ఏదని పట్టించుకుంటామని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అడుగుల తాళానికి వచ్చేది నడక పలకది, భయం లేదు. ఎండెక్కాక అక్కడొకటి ఇక్కడొకటి టిక్కుమనేది ఇనుము సాగడం. గాలి విసిరినప్పుడల్లా, ఒకే చోట, నిన్న లేని చప్పుడు వస్తే అది కట్టుకు సంబంధించినది. మన మేస్త్రీ రెండో విసురు దాకా ఆగింది ఈ తేడా తెలుసుకోవడానికే. దింపడంలోనూ పద్ధతుంది. మాలు గమేళాలు, పనిముట్లు ఎక్కడివక్కడే వదిలి, పక్క కిటికీల్లోంచి భవనం లోపలికి వచ్చేయాలి. పదిహేనుమందీ ఒకే నిచ్చెన మీద దిగితే ఆ బరువంతా ఒకే నిలువు వరుస మీద పడుతుంది. టైలను పరంజా ఎక్కి కాదు, లోపలి నుంచి కిటికీ కిటికీకీ వెళ్ళి చూడాలి. వలను కూడా లోపలి నుంచి అందినంత మేర కోసేస్తే భారం అప్పటికప్పుడే తగ్గుతుంది.

చెవిని నమ్మడమేమిటి, గాలి కొలిచే మీటరు పెట్టి ఒక హద్దు దాటగానే ఆపవచ్చు కదా అన్నది ఇంకో అభ్యంతరం. మీటరు పెట్టాల్సిందే. కానీ అది గాలిని కొలుస్తుంది, కట్టును కొలవదు. 1978 ఏప్రిల్ 27న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, విల్లో ఐలాండ్ దగ్గర కడుతున్న కూలింగ్ టవర్ మీది పరంజా కూలి 51 మంది చనిపోయారు. అక్కడ పరంజా నేల మీద నిలబడలేదు, అంతకుముందు పోసిన కాంక్రీటుకే బోల్టులతో బిగించి ఉంది. రోజుకొక వరుస చొప్పున పోస్తూ పైకి జరుపుకుంటూ పోయేవారు. ముందురోజు పోసిన 28వ వరుస రాత్రి చలికి తగినంత గట్టిపడలేదు. తెల్లవారి 29వ వరుసకు కాంక్రీటు బకెట్టు పైకి లాగుతుండగా ఆ 28వ వరుస ఊడింది. ఊడింది ఒక చోటే, కానీ టవరు చుట్టూ పరంజా అంతా రాలిపోయింది. దాన్ని పరిశోధించిన నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ కారణం ఆ పచ్చి కాంక్రీటేనని తేల్చింది. గాలి మీటరు అక్కడ ఏమీ చెప్పేది కాదు. పరంజా బలం దాని గొట్టాల్లో కంటే, అది దేన్ని పట్టుకుని ఉందో అందులో ఉంటుంది. దాన్ని చూడాల్సింది మనిషే. అందుకే అమెరికా నియమాల్లో పెనుగాలి వేళ పరంజా మీద పని నిషిద్ధం, క్షేమమని అర్హత గల వ్యక్తి తేలిస్తే తప్ప. ఆ అర్హతకు వాళ్ళ నిర్వచనంలో ప్రమాదాన్ని గుర్తుపట్టే జ్ఞానంతో పాటు, వెంటనే సరిదిద్దే అధికారం కూడా ఉంది.

ఆ అధికారం దగ్గరే అసలు చిక్కు. పని ఆపితే నష్టపోయేదెవరు? శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చి రోజుకూలీకి పనిచేసే ఆ పదిహేనుమంది. పూట పోతే కూలి పోతుందని తెలిసిన మేస్త్రీ మరో విసురు చూద్దామనుకుంటాడు, పైనున్నవాళ్ళూ అదే కోరతారు. ఇది బలమైన అభ్యంతరం, ధైర్యం గురించి మాటలు చెప్పి దాన్ని దాటలేం. లెక్కతోనే దాటాలి. కిటికీల్లోంచి టైలన్నీ చూసి, లేనివి బిగించడం మహా అయితే ఒక పూట పని. ఆ పూట కూలి పదిహేనుమందికి ఇచ్చినా, భవనం ఖర్చులో అది కనిపించనంత చిన్న మొత్తం. అయినా దానికి ఎస్టిమేటులో చోటు ఉండదు కాబట్టి ఎవరి జేబులోంచి రావాలో తేలదు, చివరికి కూలివాడి జేబులోంచే పోతుంది. కొద్ది ఏళ్ళలో ఆ ఎస్టిమేట్లు రాసేది మీరే. గాలికి, భద్రతా తనిఖీకి ఆపిన పూటలకు పూర్తి కూలి అని ఒక ఐటమ్ రాయండి, దాని పక్కన మొత్తం వేయండి. పని ఆపే అధికారం మేస్త్రీదని కాంట్రాక్టులో ఒక క్లాజు పెట్టండి, తనిఖీలో ఏమీ దొరకకపోయినా అతన్ని సంజాయిషీ అడగరాదని అందులోనే చేర్చండి. ప్లాస్టరింగ్ కోసం విప్పిన ప్రతి టైకీ, మళ్ళీ బిగించినట్టు సంతకం పడితేగానీ ఆ గోడ బిల్లు పాస్ చేయకండి.