గల్లాపెట్టెలో రాత్రి నిద్రపోయే డబ్బు

ఓడీ ఖాతా ఉన్న సభ్యులు సమావేశాల్లో మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఒకటే: "లక్ష లిమిట్ ఇచ్చారు, లక్షకీ వడ్డీ పడుతుందా?" పడదు. ఎంత వాడుకున్నామో దాని మీదే పడుతుంది. అది కూడా ఏ రోజుకారోజు, సాయంత్రం లెక్క మూసేసరికి ఎంత బాకీ ఉందో దాన్ని బట్టి.

ఊరూరా తిరిగి చీరలమ్మే ఒక అక్క లెక్క చూద్దాం. లిమిట్ లక్ష, ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుందాం. ఏప్రిల్ 1న 60,000 తీసి సరుకు తెచ్చింది. పది రోజులు బేరాలు అంతంత మాత్రం. 11న 20,000 కట్టింది. తర్వాత పెళ్లిళ్ల బేరం తగిలి, 21న మరో 25,000 కట్టింది. అంటే బాకీ పది రోజులు 60,000, పది రోజులు 40,000, చివరి పది రోజులు 15,000.

ప్రతి బాకీనీ రోజులతో గుణించి కూడితే 11,50,000 వస్తుంది. దాన్ని 12తో గుణించి 36,500తో భాగిస్తే వడ్డీ 378 రూపాయలు.

అదే అక్క ఆ 45,000నూ గల్లాపెట్టెలో దాచి 30న ఒకేసారి కట్టి ఉంటే? 29 రోజులు 60,000 మీదే వడ్డీ నడుస్తుంది. మొత్తం 577 రూపాయలు. అమ్మకం అదే, అప్పు అదే, 199 రూపాయలు మాత్రం ఎక్కువ. గుర్తుకోసం చెప్పాలంటే, పదివేలు ఒక్క రాత్రి ఇంట్లో ఉంటే మూడు రూపాయల పైచిలుకు.

"కట్టేస్తే మళ్లీ అవసరానికి ఎలా?" అని కొందరి భయం. లిమిట్ గడువు లోపల కట్టినది మళ్లీ తీసుకోవచ్చు, ఓడీ ఉన్నదే అందుకు. వాయిదాల అప్పులో ఈ వీలు లేదు. సెలవులకు ముందు రోజే కట్టేయండి. ఫోన్‌లో స్కాన్ చేసి కొనేవాళ్ల డబ్బు ఏ ఖాతాకు వెళుతోందో కూడా చూడండి. కొందరికి అది పొదుపు ఖాతాలో పడి, రెండు మూడు శాతం వడ్డీ తెస్తోంది. పక్కనే ఓడీ బాకీ 12 శాతం తింటోంది!

నెలాఖరున పాసుబుక్కు వేయించుకోండి. వడ్డీ అని ఖాతాలో రాసిన మొత్తం పై లెక్కతో సరిపోవాలి. రూపాయో రెండో తేడా ఉంటే సరే, పదుల్లో ఉంటే మేనేజరు గారిని అడగాలి. ఆ వడ్డీని కట్టకపోతే అదీ బాకీలో కలుస్తుంది: 15,000 కాస్తా 15,378 అవుతుంది, మర్నాటి నుంచి దాని మీద వడ్డీ.

వానాకాలంలో బేరాలు లేని నెలలు వస్తాయి. అసలు కట్టలేకపోయినా, పడిన వడ్డీకి సరిపడా అయినా జమ చేస్తుండాలి. 90 రోజులపాటు అదీ పడకపోతే ఆ ఖాతాను బ్యాంకు మొండి బాకీల్లో చేరుస్తుంది.