లైసెన్సు కాగితమా? కిరాయినామానా?



ఇల్లు మారేటప్పుడు మన దృష్టంతా నీళ్లు వస్తాయా, వంటగదికి కిటికీ ఉందా, పిల్లల బడి ఎంత దూరం అనే వాటిమీదే ఉంటుంది. సంతకం పెట్టే కాగితం సంగతి మగవాళ్లకు వదిలేస్తాం. వాళ్లేమో షిఫ్టుకు టైమవుతోందని చదవకుండానే సంతకం చేసి వెళ్లిపోతారు. ఈరోజు ఆ కాగితం గురించే చెబుతాను.

పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలలో పనిచేసే కుటుంబాలు చుట్టుపక్కల ఊళ్లలో కిరాయికి ఉంటాయి. సంగారెడ్డి దగ్గర ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో అటువంటి కుటుంబం ఒకటి ఉందనుకుందాం. రెండు గదుల పోర్షన్, నెలకు ఆరువేలు, అడ్వాన్సు పన్నెండు వేలు. ఇంటాయన ఇచ్చిన కాగితం మీద ‘కిరాయినామా’ అని లేదు, ‘లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం’ అని ఉంది. గడువు పదకొండు నెలలు. కిరాయి అనే మాటే లేదు, దాని బదులు ‘లైసెన్సు ఫీజు’ అని ఉంది. “ఏం లేదమ్మా, ఇప్పుడందరూ ఇట్లనే రాసుకుంటున్నారు” అన్నాడాయన. ఆరు నెలలు తిరగకుండానే ఆ ఇల్లు అమ్మేశాడు. కొన్నాయన వచ్చి, “చెల్లెమ్మా, మీకు ఇచ్చింది లైసెన్సే. అది పాతాయనతోనే పోయింది. వారంలో ఖాళీ చేయండి” అన్నాడు.

ఆ ఇల్లాలు వెళ్లాలా, ఉండవచ్చా? జవాబు ఈ రెండు మాటల తేడాలోనే ఉంది.

ఇక్కడ ‘లీవ్’ అంటే ఆఫీసు సెలవు కాదు, అనుమతి. మీ పెరటి బావిలో నీళ్లు తోడుకోమని పొరుగావిడకు చెప్పారనుకోండి. ఆవిడ వచ్చి తోడుకుంటే తప్పులేదు, కానీ బావిమీద ఆవిడకు హక్కేమీ రాలేదు. మీరు వద్దంటే ఆ అనుమతి అంతటితో సరి. లైసెన్సు కూడా అంతే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం దీన్ని నిర్వచించింది. ఆస్తిలో ఏ హక్కూ పుట్టకుండా, అనుమతి లేకపోతే తప్పు అయ్యే పనిని చేసుకోనివ్వడమే లైసెన్సు. లీజు అలాకాదు. అదే ఏడాది వచ్చిన ఆస్తి బదిలీ చట్టం ప్రకారం లీజు అంటే ప్రతిఫలం తీసుకుని, ఇంటిని అనుభవించే హక్కును కొంతకాలం కిరాయిదారుకు బదిలీ చేయడం. యజమాన్యం ఇంటాయనదే, అనుభవం మాత్రం మీది. మనం కిరాయినామా అనేది ఈ లీజునే.

ఈ తేడా బయటపడేది సరిగ్గా మన ఇల్లాలికి వచ్చినటువంటి చిక్కులోనే. లైసెన్సు మనిషికి, మనిషికి మధ్య మాట. ఇల్లు చేతులు మారితే కొన్నవారిని అది కట్టిపడేయదు. లీజు ఇంటిని అంటుకుని ఉంటుంది. ఇల్లు అమ్మినా, కొన్నాయన పాత యజమాని స్థానంలోకి వస్తాడంతే, కిరాయిదారు కిరాయిదారుగానే ఉంటుంది. ఇంకొక సంగతి, చెప్పడానికి మనసొప్పదు గాని చెప్పాలి. కాగితం ఇంటిపెద్ద పేర ఉండి ఆయనకు జరగరానిది జరిగితే, లీజు హక్కు భార్యాబిడ్డలకు వస్తుంది. లైసెన్సు మామూలుగా ఆయనతోనే ముగుస్తుంది. దుఃఖంలో ఉన్న మనిషికి గూడు ఉంటుందా, ఉండదా అన్నది ఒక్కొక్కసారి ఇంత చిన్న తేడామీద నిలబడుతుంది.

అయితే కాగితం నెత్తిన ‘లైసెన్సు’ అని రాసినంతమాత్రాన అది లైసెన్సు అయిపోతుందా? కాదు. ఈ మాట తేల్చినవారిలో మన తెలుగువారున్నారు. 1959లో సుప్రీంకోర్టు ముందుకు అసోసియేటెడ్ హోటల్స్ కేసు వచ్చింది. ఢిల్లీలోని ఇంపీరియల్ హోటల్లో రెండు గదులు తీసుకుని ఒకాయన వ్యాపారం నడిపేవాడు. కాగితంలో ఆయన్ను లైసెన్సీ అనే రాశారు. తరువాతి కాలంలో ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావుగారు ఆ కేసులో కొన్ని సూత్రాలు చెప్పారు. పేరు కాదు, సారం చూడాలి. ఇరుపక్షాల ఉద్దేశం చూడాలి. ఇతరులెవరూ చొరబడకుండా గదులు పూర్తిగా ఒకరి స్వాధీనంలో ఉంటే, మొదటి చూపుకు అది లీజే. దానికి విరుద్ధమైన పరిస్థితులు కనబడితే మాత్రం వేరే మాట. ఆ లెక్కన అక్కడ ఉన్నది లీజేనని ఆయన తేల్చారు. అయినా వ్యాపారి గెలవలేదు సుమండీ! హోటలు గదులకు అక్కడి అద్దె నియంత్రణ చట్టం వర్తించదని మెజారిటీ తీర్పు రావడంతో, లీజు అన్నది నిలిచినా ఆ చట్టం రక్షణ ఆయనకు దక్కలేదు. ఈ మలుపు గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

ఇప్పుడు మన ఇల్లాలి రెండు గదులకు ఆ కొలత పెట్టి చూద్దాం. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ఆమె దగ్గరే. ఇంటాయన తలుపు తట్టకుండా లోపలికి వచ్చేవాడా? లేదు. వంటగది, స్నానాలగది ఎవరితోనైనా పంచుకుందా? లేదు. నెలనెలా డబ్బు కడుతోందా? కడుతోంది. అంటే కాగితం పేరు ఏదైనా, అక్కడ ఉన్నది కిరాయిదారే అని వాదించడానికి గట్టి ఆధారమే ఉంది. ఇంటాయన అప్పుడప్పుడు వచ్చి గోడలు, పైపులు చూసిపోయినంతలో లీజు లైసెన్సు అయిపోదు. కిరాయికి ఇచ్చిన యజమానికి కూడా వేళ చూసుకుని వచ్చి ఇంటి పరిస్థితి చూసుకునే హక్కు ఉంది.

నిజమైన లైసెన్సులు కూడా మన చుట్టూ లేకపోలేదు. వర్కింగ్ ఉమెన్స్ హాస్టల్లో ఒక మంచం తీసుకున్న అమ్మాయికి ఉన్నది లైసెన్సే. గది పంచుకుంటుంది, వార్డెను ఎప్పుడైనా రావచ్చు. తోటకు కాపలా ఉండే మనిషికి ఇచ్చిన గది కూడా చాలావరకు అంతే. ఫ్యాక్టరీ క్వార్టర్లు ఉద్యోగం కోసం ఇచ్చినవి గనుక, సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతాయి. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ వంటి ప్రభుత్వరంగ సంస్థల క్వార్టర్లలో గడువు దాటి ఉండిపోతే, 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం కింద ఎస్టేట్ ఆఫీసరే ఖాళీ చేయించగలడు. అయితే లైసెన్సీని కూడా రాత్రికి రాత్రి సామాను బయట పెట్టి పంపకూడదు. లైసెన్సు రద్దయ్యాక, వెళ్లడానికి తగినంత వ్యవధి ఇవ్వాలన్నది ఈజ్‌మెంట్స్ చట్టంలోని నియమమే.

మరి ఈ ‘లీవ్ అండ్ లైసెన్స్’ కాగితం మన జిల్లాకు ఎలా వచ్చింది? దాని పుట్టిల్లు బొంబాయి. అక్కడి అద్దె చట్టం కఠినంగా ఉండేది, కిరాయిదారు ఒకసారి దిగితే లేపడం కష్టం. అందుకని ఇళ్లవాళ్లు లీజు మాట ఎత్తకుండా లైసెన్సు అని రాయించుకోవడం మొదలుపెట్టారు. 1973లో అక్కడి ప్రభుత్వం చట్టం సవరించి, ఆ ఏడాది ఫిబ్రవరి 1 నాటికి అమలులో ఉన్న లైసెన్సులమీద కాపురముంటున్నవాళ్లను కిరాయిదారులుగా లెక్కకట్టింది. 1999 నాటి మహారాష్ట్ర చట్టం మళ్లీ ఇంకో దారి పట్టింది. కాపురానికిచ్చిన ఇంట్లో లైసెన్సు గడువు తీరాక కూడా ఉంటే, ఇంటాయన మామూలు కోర్టుకు కాకుండా ప్రత్యేక అధికారి దగ్గరకు వెళ్లి త్వరగా ఖాళీ చేయించుకోవచ్చు. ఆపైన ఫీజుకు రెండింతలు నష్టపరిహారం. కాబట్టి అక్కడ కాగితం పేరుకు నిజంగానే విలువుంది. మన తెలంగాణ అద్దె చట్టంలో లైసెన్సుకు అటువంటి ప్రత్యేక దారి లేదు. అక్కడి నమూనా పట్టుకొచ్చి ఇక్కడ సంతకాలు చేయించడం, ఒకరి కొలతలకు కుట్టిన జాకెట్టు ఇంకొకరికి తొడిగినట్లే.

పదకొండు నెలల ముచ్చట కూడా అడుగుతారు చాలామంది. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. సంగారెడ్డి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లే ఖర్చూ, శ్రమా తప్పించుకోవడానికి పదకొండు దగ్గర ఆపుతారు. గడువు తీరాక కూడా ఇంటాయన కిరాయి తీసుకుంటూ, మీరు ఉండడానికి ఒప్పుకుంటూ పోతే, అది మామూలుగా నెలనెలా సాగే కిరాయి అవుతుంది. ఒప్పందంలో వేరే గడువు రాసుకోనప్పుడు, ఖాళీ చేయించడానికి పదిహేను రోజుల నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటీసు ఇచ్చినా మీరు కదలకపోతే ఆయన కోర్టులో దావా వేసి డిక్రీ తెచ్చుకోవాలి. అంతేగాని తాళం మార్చడం, కరెంటు పీకేయడం ఆయన చేతిలో లేదు. బలవంతంగా గెంటేసినవాళ్లు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద ఆరు నెలలలోపు దావా వేసి స్వాధీనం తిరిగి అడగవచ్చు.

ఇప్పుడు ఢిల్లీ వ్యాపారి కథలోని మలుపుకు వద్దాం. మీది లీజే అని తేలితే ఇంట్లో శాశ్వతంగా ఉండవచ్చని అనుకోకండి. మన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉన్నచోట, కిరాయి కావాలని ఎగవేయడం, ఇల్లు నిజంగా తనకే అవసరపడటం వంటి కారణం చూపిస్తే గాని ఇంటాయన ఖాళీ చేయించలేడు. కాని ఆ చట్టం మున్సిపాలిటీలకూ, కార్పొరేషన్లకూ, ప్రభుత్వం ప్రకటించిన ఇతర ప్రాంతాలకూ మాత్రమే. 2005లో చేసిన సవరణ, కట్టి పదిహేనేళ్లు నిండని ఇళ్లనూ, కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతాచోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయిలనూ తప్పించింది. ఆరువేల కిరాయిలో ఉన్న మన ఇల్లాలు ఆ గొడుగు కిందకు వస్తుందని నేను ఆశ పెట్టలేను. ఆమెకు మిగిలేది ఆస్తి బదిలీ చట్టం, అంటే నోటీసు, కోర్టు. కారణం అడిగే హక్కు కాదు, వ్యవధి అడిగే హక్కు. పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఆగడానికి, ఇంకో ఇల్లు వెతుక్కోవడానికి ఆ వ్యవధే అక్కరకొస్తుంది. లైసెన్సీనే అని ఒప్పుకుంటే అదీ పలచబడుతుంది.

కాబట్టి కొన్నాయనకు ఆమె చెప్పవలసిన మాట ఇది: “అన్నయ్యా, నేను కిరాయిదారును. వచ్చే నెలనుంచి కిరాయి మీకే కడతాను, రసీదివ్వండి. ఖాళీ చేయమంటే కాగితంమీద నోటీసివ్వండి.” అడ్వాన్సు పన్నెండు వేలు ఎవరు తిరిగి ఇస్తారో అప్పుడే రాయించుకోవాలి, లేకపోతే పాతాయన కొత్తాయన్ని చూపిస్తాడు, కొత్తాయన పాతాయన్ని.

ఇంక కాగితం మీ ముందు పెట్టినరోజు సంగతి. ‘లైసెన్సు ఫీజు’ అన్నచోట ‘కిరాయి’ అని రాయమనండి. ‘ఎప్పుడు చెబితే అప్పుడు ఖాళీ చేయాలి’ అనే వాక్యం ఉంటే దానికి ఒక నెల నోటీసు చేర్చమనండి. ‘ఇంటి స్వాధీనం యజమానిదే’ అన్న వాక్యాన్ని కొట్టేయమనండి, కోర్టులో మనకు ఎదురొచ్చేది అదే. ఒక ప్రతి మీ బీరువాలో ఉండాలి. ఫోనులో డబ్బు పంపేటప్పుడు ఉత్తినే పంపకుండా ‘ఫలానా నెల కిరాయి’ అని రాసి పంపండి. చేతికి ఇస్తే రసీదు అడగండి. ఇంటాయన కిరాయి తీసుకోనని మొండికేస్తే మనియార్డరు చేయండి, అది తిరిగివస్తే ఆ కాగితం పారేయకండి.