సూర్యాపేటలో రోజుకు ఎన్ని కప్పుల చాయ్?

(సంఘం వార్షిక సమావేశంలో ఉపకార వేతనాలు పొందిన విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



చివ్వెంల నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇంజనీరింగ్, ఎంబీఏ, డిగ్రీ చదువులకు వెళ్లిన మన పిల్లలు ఇప్పుడు ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలకు వెళ్తున్నారు. వాటిలో కన్సల్టింగ్ కంపెనీల ఇంటర్వ్యూ కాస్త వేరు. మెకిన్జీ, బీసీజీ, బెయిన్ వంటి సంస్థలు ఒక వ్యాపార సమస్యను ముందుపెట్టి, దాన్ని తమ ఎదుటే విప్పమంటాయి. దాన్ని కేస్ ఇంటర్వ్యూ అంటారు. అందులో తరచూ వచ్చేది, ఒక వస్తువుకు ఎంత గిరాకీ ఉందో అంచనా కట్టమనే ప్రశ్న. పుస్తకంలో జవాబు ఉండదు, ఫోన్ చూసే వీలుండదు. మా టీచర్లం పిల్లలకు సరైన జవాబు ఒక్కటే ఉంటుందని ఏళ్ల తరబడి నేర్పుతాం. అలా చదివిన పిల్లవాడు ఇక్కడ "నాకు తెలియదు సార్" అని ఊరుకుంటాడు. ఆ మౌనంతోనే అవకాశం పోతుంది. అందుకే ఈ రోజు అలాంటి ఒక ప్రశ్నను మనందరం కలిసి చేద్దాం.

ప్రశ్న ఇది: సూర్యాపేట పట్టణంలో రోజుకు ఎన్ని కప్పుల చాయ్ అమ్ముడవుతుంది?

వెంటనే అంకెల్లోకి దిగకూడదు. ముందు ప్రశ్న హద్దులు అడగాలి. ఇంట్లో కాచుకునే చాయ్ కలపాలా? అమ్ముడయ్యేదే కావాలన్నారు కాబట్టి అక్కర్లేదు. హైదరాబాద్–విజయవాడ హైవే మీద బస్సు ఆగినప్పుడు ప్రయాణికులు తాగేది కలపాలా? వద్దు, పట్టణం లోపలి అమ్మకమే చాలన్నారనుకుందాం. మామూలు రోజా, ప్రత్యేకమైన రోజా? రెండేళ్లకోసారి దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర జరిగే రోజుల లెక్క వేరు. రంజాన్ నెలలో పగటి చాయ్ ఇఫ్తార్ తర్వాతకు మారిపోతుంది. కాబట్టి మామూలు రోజే తీసుకుందాం. ఈ మూడు ప్రశ్నలు అడగడానికి ఒక నిమిషం పడుతుంది. అడగకపోతే ఆ తర్వాత వేసే లెక్కంతా వేరే ప్రశ్నకు జవాబవుతుంది.

రెండో పని, తాగేవాళ్లను గుంపులుగా విడదీయడం. పట్టణవాసుల్లో పురుషులు, మహిళలు, తర్వాత పని మీద పట్టణానికి వచ్చే పల్లె జనం. ఇలా మూడు గుంపులు చాలు. పది గుంపులు చేస్తే లెక్క మన చేయి దాటిపోతుంది.

ఇప్పుడు అంకెలు. 2011 జనాభా లెక్కల్లో సూర్యాపేట పట్టణ జనాభా లక్ష దాటింది. ఆ తర్వాత ఊరు పెరిగింది కాబట్టి 1,50,000 అనుకుందాం. ఇది మన ఊహ, ఆ మాట ఇంటర్వ్యూ చేసేవారికి పైకే చెప్పాలి. అందులో నాలుగో వంతు పిల్లలని తీసేస్తే సుమారు 1,10,000 మంది పెద్దలు మిగులుతారు. వారిలో పురుషులు 55,000, మహిళలు 55,000.

పురుషుల్లో సగం మంది రోజుకు రెండు కప్పులు బయట తాగుతారనుకుందాం. సగం అంటే 27,500 మంది, రెండేసి చొప్పున 55,000 కప్పులు. మహిళలు బయట తాగడం తక్కువ. పదిమందిలో ఒకరు ఒక కప్పు తాగినా 5,000 పైచిలుకు, 5,000 అనుకుందాం. ఇక చివ్వెంల, ఆత్మకూరు, పెన్‌పహాడ్, మోతె వైపు నుంచి మార్కెట్‌కు, ఆసుపత్రికి, కోర్టుకు, కాలేజీలకు వచ్చేవారు 20,000 మంది అనుకుంటే, సగం మంది ఒక్కో కప్పు తాగితే 10,000. మూడూ కలిపితే రోజుకు 70,000 కప్పులు.

ఇక్కడితో ఆగిపోతే పని సగమే అయినట్టు. కూడిక సరిచూసినట్టే ఈ అంచనానూ ఇంకో దారిలో సరిచూడాలి. ఇందాక తాగేవాళ్ల వైపు నుంచి వచ్చాం, ఇప్పుడు అమ్మేవాళ్ల వైపు నుంచి వద్దాం. ఒక చిన్న చాయ్ హోటల్ ఉదయం 5 నుంచి రాత్రి 9 వరకు, అంటే 16 గంటలు తెరిచి ఉంటుందనుకుందాం. రద్దీగా ఉండే 6 గంటల్లో గంటకు 30 కప్పులు, మిగతా 10 గంటల్లో గంటకు 7 కప్పులు. మొత్తం 250. 70,000ని 250తో భాగిస్తే 280 హోటళ్లు రావాలి. సూర్యాపేట మున్సిపాలిటీలో 48 వార్డులున్నాయి. అంటే వార్డుకు సుమారు ఆరు. బస్టాండ్ చుట్టూ ఎక్కువ, కాలనీల లోపల తక్కువ. సగటున ఆరు అంటే మన కళ్లకు కనిపించేదానికి దగ్గరగానే ఉంది. వార్డుకు అరవై అని వచ్చి ఉంటే ఎక్కడో ఒక సున్నా ఎక్కువ పడిందని తెలిసేది. అయితే ఈ సరిచూపు పెద్ద తప్పునే పట్టిస్తుంది. నిజం 60,000 అయినా, 80,000 అయినా ఇది చెప్పలేదు.

మరి ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? 70,000లో 55,000 ఒక్క ఊహ నుంచే వచ్చాయి. సగం మంది పురుషులు రెండేసి కప్పులు తాగుతారన్నదే ఆ ఊహ. సగం కాకుండా మూడో వంతే అయితే ఆ భాగం 37,000కు, మొత్తం 52,000కు పడిపోతుంది. అదే మహిళల సంఖ్యను రెట్టింపు చేసినా మొత్తం 5,000 మాత్రమే పెరుగుతుంది. కాబట్టి "సార్, నా జవాబు 50 వేల నుంచి 70 వేల మధ్య. నిజంగా కనుక్కోవాలంటే ముందు పురుషుల అలవాటును నాలుగు హోటళ్ల దగ్గర నిలబడి లెక్కిస్తాను" అని చెప్పగలిగితే చాలు. ఇంటర్వ్యూ చేసేవారు వినాలనుకునేది ఆ మాటే. 68,437 అని చెబితే మాత్రం పిల్లవాడికి తన ఊహల బలం ఎంతో తెలియదని అర్థమవుతుంది.

ఇంకొక్క జాగ్రత్త. కప్పు పది రూపాయలైతే 70,000 కప్పులకు రోజుకు 7 లక్షలు. ఏడాదికి 350 రోజులు లెక్కేస్తే 24 కోట్ల 50 లక్షలు. ఇంటర్వ్యూలో దీన్ని మిలియన్లలో అడగవచ్చు. పది లక్షలు ఒక మిలియన్, ఒక కోటి పది మిలియన్లు. అంటే మన జవాబు 245 మిలియన్లు. లక్షల్లో, కోట్లలో లెక్కలు నేర్చుకున్న మన పిల్లలకు సున్నా జారేది ఈ మార్పు దగ్గరే. లెక్క మొత్తం లక్షల్లోనే చేసి, చివరలో ఒక్కసారి మార్చుకోవాలి.

ఈ పద్ధతి కొత్తది కాదు. భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మి షికాగోలో పియానోలు సవరించేవాళ్లు ఎంతమంది ఉంటారని అడిగేవారని చెబుతారు. 1945లో మొదటి అణుబాంబు పరీక్ష జరిగినప్పుడు ఆయన కాగితం ముక్కలు వదిలి, పేలుడు గాలికి అవి ఎంత దూరం జరిగాయో చూసి బాంబు బలాన్ని అంచనా కట్టారు. ఆయన చేసిందీ తెలిసిన చిన్న కొలత నుంచి తెలియని పెద్ద కొలతకు వెళ్లడమే. మన పిల్లలకు సూర్యాపేట వీధులు తెలుసు, బజారు తెలుసు, ఏ మూలన చాయ్ హోటల్ ఎప్పుడు తెరుస్తారో తెలుసు.

ఇంటికి వెళ్లాక ప్రతి విద్యార్థీ మరో ప్రశ్న తీసుకోవాలని మా కోరిక. చివ్వెంల మండలంలో ఏడాదికి ఎన్ని నోటు పుస్తకాలు అమ్ముడవుతాయి? ముందు హద్దులు, తర్వాత గుంపులు, తర్వాత అంకెలు, చివర రెండో దారిలో సరిచూడటం. కాగితం మీద కాదు, ఇంట్లో అమ్మానాన్నలకు వినిపించేలా పైకి చెబుతూ చేయాలి. ఇంటర్వ్యూలో చేయాల్సిందీ అదే.