ఫారిన్ గెస్ట్‌కి టిప్ గురించి ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి?

మీ ఆఫీసుకి అమెరికా నుంచి క్లయింట్ వచ్చారనుకోండి. సాయంత్రం హైదరాబాద్‌లో బిర్యానీకి తీసుకెళ్లారు. బిల్లు తనే కడతానని ఆయన పట్టుబట్టాడు. కార్డు తీసి, "టిప్ ఎంత?" అని మిమ్మల్ని అడిగాడు. వెయిటర్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు మీరు ఎంత చెప్పినా ఆయన తరఫున అడిగినట్టే ఉంటుంది.

అందుకే ఈ మాట బిల్లు రాకముందే, తింటూ కబుర్లు చెప్పుకునేటప్పుడే అయిపోవాలి. అప్పుడు అది ఊరి సంగతి, డబ్బు సంగతి కాదు. అమెరికాలో టిప్పులొచ్చే ఉద్యోగికి ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలు, మిగతాది టిప్పులతో నిండాలి. కాబట్టి అక్కడివాళ్లకి టిప్ ఇవ్వకపోవడం తప్పు చేసినట్టు అనిపిస్తుంది. జపాన్ వాళ్లకి అసలు ఆ అలవాటే లేదు. ఎవరితో మాట్లాడుతున్నామో చూసుకోండి.

మాట కూడా ముఖ్యమే. "యూ షుడ్ టిప్" అంటే ఆర్డర్ వేసినట్టుంటుంది. "సమ్ పీపుల్ లీవ్ ఫైవ్ టు టెన్ పర్సెంట్, సమ్ జస్ట్ రౌండ్ అప్" అనండి చాలు. ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనుకోరని కూడా కలపండి.

ఇక బిల్లు వచ్చాక ముందు మీరు చూడండి. ఫుడ్ 2,000. సర్వీస్ ఛార్జ్ 10 శాతం, అంటే 200. ఆ మొత్తం మీద 5 శాతం జీఎస్టీ 110. టోటల్ 2,310. గెస్ట్ జీఎస్టీని చూసి టిప్ అనుకోవచ్చు, లేదా సర్వీస్ ఛార్జ్‌ని టాక్స్ అనుకుని మళ్లీ టిప్ పెట్టొచ్చు. జీఎస్టీ ప్రభుత్వానిది, తప్పదు. సర్వీస్ ఛార్జ్ రెస్టారెంట్ వేసుకున్నది. అది మన వెయిటర్ చేతికే వెళ్తుందన్న గ్యారంటీ లేదు.

దాన్ని బిల్లులో ఆటోమేటిక్‌గా కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల సంస్థ సీసీపీఏ గైడ్‌లైన్స్ ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అయినా కలిపే చోట్లు కనిపిస్తాయి. గెస్ట్ ముందు వాదన పెట్టుకోకుండా, కౌంటర్ దగ్గరికి వెళ్లి తీసేయమనండి. అప్పుడు బిల్లు 2,100 అవుతుంది. తీయకపోతే 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వొచ్చు. గెస్ట్‌కి మాత్రం "ఇది ఆప్షనల్, ఉంచితే వేరే టిప్ అక్కర్లేదు" అని ఒక్క ముక్క చెప్పండి.

మరి ఆ టిప్ వచ్చేది మీకే అయితే? క్యాబ్ నడిపేవాళ్లు, గైడ్లు చాలామంది అడిగారు. అప్పుడు మీరు రేటు చెప్పకండి. ట్రిప్ ధరలో ఏమేం ఉన్నాయో బుకింగ్ మెసేజ్‌లోనే రాసి, "టిప్స్ ఆర్ ఆప్షనల్" అని అక్కడే ఆపేయండి. దిగేటప్పుడు మళ్లీ ఆ ఊసు ఎత్తొద్దు.