ఒప్పుకుంటున్నాను అనే ముందు

ఈ రోజు పట్టా అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు. మీలో కొందరి ఇన్‌బాక్సులో ఇప్పటికే ఆఫర్ లెటర్ ఉంది. మిగతావారికి రేపో మాపో వస్తుంది. దానికి మీరు పంపే జవాబు గురించే ఈ పావుగంటా మాట్లాడతాను. చాలామంది ఆ జవాబును రెండు వాక్యాల్లో తేల్చేస్తారు: అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు, సంతోషంగా ఒప్పుకుంటున్నాను. మర్యాదకు లోటు లేదు. కానీ దేనికి ఒప్పుకున్నారో అందులో లేదు. జీతం ఎంత, చేరేది ఏ రోజు, ఏ కాగితాలు ఇవ్వాలి అన్న మూడింటినీ మీ మాటల్లో తిరిగి రాసినప్పుడే ఆ మెయిల్ రేపు మీకు అక్కరకొస్తుంది.

చట్టం దృష్టిలో ఆ మెయిల్ చిన్నది కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఏడో సెక్షన్ ప్రకారం అంగీకారం సంపూర్ణంగా, షరతుల్లేకుండా ఉండాలి. ప్రతిపాదించినవారు ఫలానా పద్ధతిలోనే ఒప్పుకోవాలని చెబితే ఆ పద్ధతినే పాటించాలి. కాబట్టి సంస్థ తన పోర్టల్‌లో సంతకం చేయమంటే అక్కడ చేయాల్సిందే. మెయిల్ దానికి తోడు మాత్రమే. ఈమెయిళ్ల మీద కుదిరిన ఒప్పందం చెల్లుతుందని సమాచార సాంకేతిక చట్టంలోని 10ఎ సెక్షన్ చెబుతోంది. బాక్సైట్ సరఫరా మీద రెండు కంపెనీల మధ్య వచ్చిన వివాదంలో సుప్రీంకోర్టు 2010లో ఇంకా స్పష్టత ఇచ్చింది: ముఖ్యమైన షరతులన్నీ ఈమెయిళ్లలో ఖరారయ్యాక, లాంఛనంగా ఒప్పంద పత్రం మీద సంతకాలు కాలేదన్న కారణంతో ఎవరూ తప్పుకోలేరని. ఏడో సెక్షన్‌కు ఇంకో వైపు కూడా ఉంది. ‘ఒప్పుకుంటున్నాను, అయితే జీతం ఇంకో యాభై వేలు పెంచండి’ అని రాస్తే అది అంగీకారం కాదు, మీ వైపు నుంచి కొత్త ప్రతిపాదన. సంస్థకు ఇక తన పాత మాట మీద నిలబడాల్సిన అవసరం ఉండదు. అందుకే అడగాల్సినవి ముందు ఒక మెయిల్‌లో అడగండి. జవాబు వచ్చాక, ఆఫర్ గడువు దాటకుండా, అంగీకారాన్ని వేరే మెయిల్‌లో పంపండి.

ఇక జీతం సంగతి. ఏడాదికి ఆరు లక్షల సీటీసీ అనుకుందాం. ఇంట్లో అందరూ పన్నెండుతో భాగించి నెలకు యాభై వేలని లెక్క కట్టేస్తారు. ఆఫర్ లెటర్ చివర అనుబంధం అని ఒక పేజీ ఉంటుంది, చాలామంది దాన్ని తెరవరు. అది తెరిస్తే మూలవేతనం నెలకు 25,000 అని ఉందనుకోండి. సంస్థ తన వాటాగా కట్టే పీఎఫ్ అందులో పన్నెండు శాతం, అంటే ఏడాదికి 36,000. గ్రాట్యుటీ కింద మూలవేతనంలో 4.81 శాతం, 14,430. ఆరోగ్య బీమా 9,570. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే 60,000. ఇవన్నీ ఆరు లక్షల్లోనే ఉన్నాయి కానీ నెలనెలా మీ ఖాతాలో పడవు. అన్నీ కలిపితే లక్షా ఇరవై వేలు. మిగిలిన నాలుగు లక్షల ఎనభై వేలను పన్నెండుతో భాగిస్తే నెలకు నలభై వేలు. అందులోంచి మీ వాటా పీఎఫ్ 3,000, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 36,800. ఇందులో మోసమేమీ లేదు, అంతా కాగితం మీదే ఉంది. కానీ యాభై వేలనుకుని హైదరాబాద్‌లో గది అద్దెకు మాట్లాడుకున్నవాడికి మొదటి నెలే తేడా తెలుస్తుంది. కాబట్టి మెయిల్‌లో సీటీసీ ఒక్కటే రాయకండి. నెలకు స్థిరంగా వచ్చేది ఎంత, వేరియబుల్ ఎంత, అది ఎప్పుడు ఇస్తారు అన్నవి విడివిడిగా రాయండి.

మెయిల్ మీరు ఇంగ్లిషులోనే రాస్తారు. సారం మాత్రం ఇంతే: ‘మీ ఫలానా తేదీ నాటి ఆఫర్ లెటర్‌ను అంగీకరిస్తున్నాను. మొత్తం వార్షిక వేతనం ఆరు లక్షలు, అందులో వేరియబుల్ అరవై వేలు, నెలకు స్థూలవేతనం నలభై వేలు. 2026 జూలై 6 సోమవారం ఉదయం హైదరాబాద్ కార్యాలయంలో చేరతాను. టెన్త్, ఇంటర్, డిగ్రీ మెమోల నకళ్లు, ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు జతచేశాను. అసలు సర్టిఫికెట్లు ఆ రోజు పరిశీలనకు తెచ్చి వెంటనే తీసుకెళ్తాను.’ ఆ చివరి వాక్యాన్ని వదిలేయకండి. అసలు పత్రాలు చూపించడం వేరు, వాళ్ల దగ్గర పెట్టి రావడం వేరు. ఎవరైనా ఉంచుకుంటామంటే ఆ మాట చేరిన రోజు కాక ముందే తెలియాలి. కాగితాల విషయంలో మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఒక్క అక్షరంగా ఉన్న ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా, పాన్‌లో చివరికి జరిగి కనిపిస్తుంది. పీఎఫ్ ఖాతా సంఖ్య ఆధార్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి సంస్థ రికార్డులో పేరు ఇంకోలా ఎక్కితే చిక్కు ఆ రోజు కనిపించదు, కొన్నేళ్ల తరవాత డబ్బు తీసుకోబోయినప్పుడు బయటపడుతుంది. తేడా ఉంటే మెయిల్‌లో మీరే చెప్పి, ఏ రూపంలో నమోదు చేయాలో రాయండి.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఇన్ని వివరాలు అడిగితే పొగరనుకుని ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమో అన్నది మొదటిది. తల్లిదండ్రులకు ఈ భయం మరీ ఎక్కువ. వాళ్ల లెటర్లో ఉన్నదాన్నే తిరిగి రాయడం బేరం కాదు. అర్థం కానిదాన్ని అడగడమూ తిరస్కారం కాదు. పైగా ఫోన్‌లో హెచ్‌ఆర్ చెప్పిన మాటకూ లెటర్‌కూ తేడా ఉంటే అది దిద్దుకునే అవకాశం వాళ్లకూ ఇదే. రెండో అభ్యంతరం గట్టిది: సంస్థ మాట తప్పితే ఈ మెయిల్ ఏం చేస్తుంది? 2023 ఫిబ్రవరిలో ఒక పెద్ద ఐటీ సంస్థ, ఏడాదికి ఆరున్నర లక్షలిస్తానన్న కొత్తవాళ్లను మూడున్నర లక్షలకే చేరతారా అని అడిగింది. అప్పటికే నెలల తరబడి పిలుపు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు వాళ్లు. నిజమే, వ్యక్తిగత సేవల ఒప్పందాన్ని కోర్టులు సాధారణంగా బలవంతంగా అమలు చేయించవు, కాబట్టి ఏ మెయిలూ మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టలేదు. అయినా తేదీ, అంకె రాతలో ఉన్నప్పుడు, మారింది ఏమిటో మీరు ఒక్క వాక్యంలో చూపించగలరు. జూలై 6 దాటాక ఏమైందని అడగగలరు, ఇంకో ఆఫర్ వస్తే ఎంతకాలం ఆగాలో తేల్చుకోగలరు. రాత లేకపోతే వాదన ‘ఫోన్‌లో చెప్పారు’ దగ్గరే ఆగిపోతుంది. ఆ రాత మిమ్మల్నీ కడుతుందన్నది మరవకండి. శిక్షణ బాండు ఉంటే అది ఎన్నేళ్లు, ఎంత మొత్తం అన్నది చదవకుండా ఒప్పుకోవద్దు. ఒక ప్రభుత్వరంగ బ్యాంకు పెట్టిన మూడేళ్లు, రెండు లక్షల బాండు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025లో తీర్పిచ్చింది.

ఇక మీ చేతిలోకి పట్టా రాబోతోంది. తీసుకున్నాక ఫోటోలు దిగండి, కానీ ప్రాంగణం దాటేలోపు దాని మీద మీ పేరును టెన్త్ మెమోతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా కనిపిస్తే ఈ రోజే పరీక్షల విభాగంలో దరఖాస్తు ఇచ్చి వెళ్లండి.