ఒకే కాగితం మీద రెండు నెగటివ్‌లు

ఘంటసాల వైపు నుంచి అత్తగారితో ఆటోలో చల్లపల్లి ఆసుపత్రికి వచ్చిన ఒక అమ్మాయి కథ చెబుతాను. పేరు పద్మ అనుకుందాం. తొలి చూలు, నాలుగో నెల. మూడు నెలలు నిండకుండా బయటపెడితే దిష్టి తగులుతుందని అత్తగారు ఇన్నాళ్లూ ఆపారు.

నర్సమ్మ బరువు తూచి, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. 110/70. మూత్రం పట్టి తెమ్మని చిన్న సీసా ఇచ్చింది.

"నాకేం జబ్బు లేదు కదండీ, ఇవన్నీ ఎందుకు?"

"ఇప్పుడు లేదమ్మా. అయిదో నెల దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పడిందంటే గుర్రపువాతం రావచ్చు. ఇవాళ్టి లెక్క రాసి ఉంటే అప్పుడు తేడా ఇట్టే తెలుస్తుంది."

తర్వాత 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించారు. రెండు గంటలయ్యాక రక్తం తీశారు. చక్కెర 140 గానీ ఆపైన గానీ ఉంటే గర్భిణికి వచ్చే మధుమేహం కింద లెక్క. పద్మకు 118 వచ్చింది. ఆరో నెల దాటాక మళ్లీ చేస్తామన్నారు.

చివరికి రిపోర్టు చేతికొచ్చింది. హెచ్‌ఐవీ నెగటివ్ అని చదివి ఊపిరి పీల్చుకుంది. ఇంకో గడిలో "ఓ నెగటివ్" అని ఉంది. "మరి ఇదీ మంచిదేనా?"

డాక్టరమ్మ నవ్వింది. "మొదటి నెగటివ్ అంటే ఆ జబ్బు లేదని. రెండోది నీ రక్తం గ్రూపు. అది జబ్బు కాదు. మీ ఆయనది?"

ఫోన్ చేస్తే బీ పాజిటివ్ అని తెలిసింది.

"అయితే బిడ్డది పాజిటివ్ కావచ్చు. కాన్పులో బిడ్డ రక్తం కాస్త నీ రక్తంలో కలిస్తే, నీ ఒళ్లు దాన్ని పరాయిదనుకుని ఎదురు తిరగడం నేర్చుకుంటుంది. ఈ బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. రెండో కాన్పులో పాజిటివ్ బిడ్డ పడితే ఆ బిడ్డ రక్తకణాలు దెబ్బతినవచ్చు. అది జరగకుండా 28వ వారంలో ఒక యాంటీ-డి ఇంజెక్షను, పుట్టిన బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు ఇంకొకటి ఇస్తాం."

హిమోగ్లోబిన్ 10.2 ఉంది. 11 ఉండాలి. రోజుకు రెండు ఐరన్ మాత్రలు రాశారు. మాత్ర వేసుకున్నాక గంట దాకా టీ, కాఫీ వద్దన్నారు, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. విరేచనం నల్లగా అయితే భయపడి మానొద్దన్నారు. నెలకు మళ్లీ పరీక్ష. హిమోగ్లోబిన్ ఒక గ్రాము కూడా పెరగకపోతే కారణం వెతకాలి.

బయటికొస్తూ అత్తగారే అడిగారు, "ముందే రావలసిందా అమ్మా?"

అవును. నెల తప్పగానే ఆశా కార్యకర్తకు చెప్పండి, 12 వారాల్లోపు మొదటిసారి చూపించుకోండి. ఊరికి చెప్పడం మూడు నెలల తర్వాతైనా ఫరవాలేదు.